మూడు నూలు నైటీలు

ఆదోనిలో మేము అద్దెకుండేది మేడ మీది వాటా. పైన కాంక్రీటు కప్పు, పడమటి గోడకు ఏ నీడా లేదు. పొద్దంతా తాగిన ఎండను ఆ గోడ రాత్రి పూట మెల్లగా గదిలోకి వదిలేది. పెళ్లయిన మొదటి వేసవిలో తడిగుడ్డ పరుచుకుని, నవ్వుకుంటూ గడిపేశాం. రెండో వేసవికి నా భార్యకు ఎనిమిదో నెల.

ముందు నడుము చుట్టూ చిన్న చిన్న ఎర్రటి చెమటకాయలు వచ్చాయి. తర్వాత వీపు మీదికి పాకాయి, చంకల్లోకి దిగాయి. పడుకుంటే మంట, లేస్తే ఆయాసం. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. చివరికి రెండు మూడు కాయల తలలు తెల్లబడి చీము పట్టాయి. అది చూసిన పూటే ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. అరచేతుల్లో, అరికాళ్లలో దురద ఉందా అని రెండుసార్లు అడిగింది. లేదన్నాక ఆమె ముఖం కాస్త తేలికపడింది కానీ, ఆ దురద కాలేయం జబ్బుకు గుర్తు కావచ్చని, అందుకే అడిగిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

"ఇవి చెమటకాయలే. బిడ్డకేం భయం లేదు. కానీ ఈ చీముపొక్కులు పెరగకూడదు. పౌడర్లు దట్టంగా పుయ్యొద్దు. చర్మం ఆరాలి, గాలి తగలాలి. వదులు నూలు బట్టలు వెయ్యండి. పొక్కులు పెరిగినా, జ్వరం వచ్చినా ఆగొద్దు, వెంటనే రండి. ఈ నెలల్లో ఇన్‌ఫెక్షన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. నిద్ర మాత్రం తప్పనిసరి."

వదులు నూలు బట్టలు. వినడానికి చిన్న మాట. నేను డిప్లొమాలో మెకానికల్ చదివి, పత్తి జిన్నింగ్ మిల్లులో మిషన్ల మెయింటెనెన్స్ చూసేవాణ్ని. పత్తిలో తేమెంత, చెత్తెంత అనేది రోజూ నా ముందు జరిగే మాటే. అయినా ఆ పత్తి బట్టయ్యాక దేన్ని చూసి మంచిది అనాలో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆసుపత్రి మెట్లు దిగుతూనే మనసులో మూడు గళ్లు గీసుకున్నాను: నేత, వదులు, ఉతుకు. ఎక్కడ తప్పు ఉందో ఈ మూడింటిలోనే దొరకాలి.

మొదటి తప్పు ఇంట్లోనే దొరికింది. సీమంతానికి ఎవరో పెట్టిన నైటీ అప్పటిదాకా ఆమె ఎక్కువగా వేసుకున్నది. మెత్తగా, జారుగా, చెయ్యి పెడితే చల్లగా ఉండేది. అంచు మడతలోంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల అంటించాను. నూలైతే కాగితంలా కాలి బూడిదై రాలిపోతుంది. ఇది ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసయింది.

"పాలియెస్టర్," అన్నాను.

"ఇంగ నా ఒంటి మీదుండేదాన్ని గూడా అంటిస్తావా ఏం?" అంది. ఇద్దరమే ఉన్నప్పుడు ఆమె నన్ను నువ్వనేది. పెద్దవాళ్ల ముందు మీరనేది.

రెండోది హోజరీ గుడ్డతో కుట్టింది. నూలే. కానీ అది నేసింది కాదు, అల్లింది. లాగితే సాగుతుంది. చెమట పట్టగానే పొట్టకు, వీపుకు అంటుకుపోయేది. గుడ్డకూ ఒంటికీ నడుమ గాలి పోవడానికి సందే లేనప్పుడు నూలైతే ఏం లాభం?

మరుసటి సాయంత్రం బజారుకు పోయాను. ఆడవాళ్ల బట్టల దుకాణంలో ఒంటరిగా నిలబడ్డ మగవాణ్ని చూసి దుకాణం అతను ముందే ముసిముసిగా నవ్వాడు.

"రా అన్నా, ఏం సైజు?"

"సైజు తర్వాత. గుడ్డ చూపించు. పలచని నూలు, అడ్డం నిలువు మామూలు నేత."

"ఇదో, వంద టక్కా కాటన్. కళ్లు మూసుకోని తీస్కపో."

నూలేనని నాకూ అనిపించింది. కానీ ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పట్టి చూస్తే దారాలు గట్టిగా బిగిసి ఉన్నాయి. వెలుగు రావడం లేదు. నోటికి ఆనించి ఊదాను. గాలి వెనక్కి వచ్చి నా ముఖానికే తగిలింది.

"అరే భాయ్, నైటీ ఊదేదానికి గాదన్నా, తొడుక్కునేదానికి! బుడగ అనుకుంటివా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఇంకో నాలుగు రకాలు తీయించాను. ఒకదానికి గుడ్డ పలచగానే ఉంది, కానీ ఛాతీ దగ్గర లోపల రెండో వరస గుడ్డ వేసి కుట్టారు. ఒకదాని మెడకు నైలాన్ లేసు ఉంది, అది గీరుకుంటుంది. ఇంకొకదాని చంక ఇరుకు. ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్నా, ఆ సైజు పెరిగింది నడుము దగ్గరే కానీ చంక దగ్గర కాదు. ఆమెకు కాయలున్నది సరిగ్గా అక్కడే. దుకాణం అతను మడతలు పెట్టుకుంటూ, "వదినెమ్మకు నువ్వే నేసి కుట్టిచ్చుకో పో అన్నా," అన్నాడు.

ఎగతాళికే అన్నాడు గానీ, ఆ మాటే నన్ను ఎమ్మిగనూరు బస్సు ఎక్కించింది. మా అత్తగారిది నేత ఇల్లు. మామ ఇప్పటికీ గుంటమగ్గం మీద కూర్చుంటాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అత్త అల్లుడితో నేరుగా మాట్లాడదు. మూడో మనిషితో చెబుతున్నట్టు చెబుతుంది, అల్లుడు విని జవాబివ్వాలి. నేను ఎదురుగా కూర్చుని ఉండగా ఆమె తలుపు పక్కన నిలబడి మామతో అంది: "అల్లునికి సెప్పు, బిడ్డకు యాడాడ కాయలైనాయో సక్కంగ సెప్పమను."

చెప్పాను. మామ మగ్గం దిగి, లోపల్నుంచి ఒక తెల్లటి గుడ్డ తాను తెచ్చాడు. ఎవరో పంచెల కోసం నేయించుకుని, వెడల్పు చాలలేదని వదిలేసిందట. వాకిలి వెలుగుకు పట్టాను. అడ్డం ఒక దారం, నిలువు ఒక దారం, నడుమ సన్నటి సందులు. ఎదురింటి మెట్టు మీద కూర్చున్న మేక కూడా మసగ్గా కనిపించింది. తాకితే మాత్రం అట్టలా ఉంది.

"గట్టిగుందే మామా?"

"పడుగుకు గంజి పెట్టకుండా నేస్తే దారాలు తెగిపోవా అప్పా? ఆ గంజి అది. నాలుగు ఉతుకులు పడితే మెత్తగైతాది. దూదే ఇంగ."

ఊదితే గాలి కొంత పోయింది. ఉతికితే ఇంకా పోతుంది. నాకు ధైర్యం వచ్చింది.

కొత్త నూలు కుదించుకుపోతుందని అత్త ఆ గుడ్డను రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి, ఆరాకనే కత్తెర పెట్టింది. తనే మిషన్ మీద మూడు నైటీలు కుట్టింది. లోపల రెండో వరస లేదు, లేసు లేదు, నడుముకు తాడు లేదు. చేతులు విడిగా కత్తిరించి అతకకుండా ఒంటి గుడ్డతోనే వదులుగా వదిలేసింది. చంక దగ్గర పిడికిలి దూరేంత సందు. ముందు వైపు గుండీలు, కాన్పయ్యాక బిడ్డకు పాలివ్వడానికి. పొడవు చీలమండ పైకే, మెట్లెక్కేటప్పుడు కాళ్లకు తగలకుండా. ఆ మూడూ సంచిలో పెట్టుకుని మాతోపాటు ఉండడానికి ఆదోనికి వచ్చింది. కాన్పుకు కూతురు పుట్టింటికి పోవాలి గానీ, చూపించుకునే ఆసుపత్రి ఆదోనిలో ఉండడంతో ఈసారి పుట్టిల్లే కదిలి వచ్చింది.

మొదటి రాత్రి నైటీ ఒంటికి అంటుకోలేదు. అది మంచి గుర్తే. కానీ పొద్దున నా భార్య మెడ చుట్టూ సన్నటి ఎర్రగీత.

"గీరుకుంటాంది," అంది. "కొత్తది కదా. మా నాయన నేసిన గుడ్డలన్నీ మొదట్ల ఇట్లే ఉంటాయి. నలిగితే సరిపోతాది."

నేత ఇంటి బిడ్డ చెప్పింది కదా అని నేనూ అనుకున్నాను. రోజూ నేను మిల్లుకు పోయాక అత్త నైటీలు ఉతికి మిద్దె మీద ఆరేసేది. సాయంత్రం నేను వచ్చేసరికి ఇస్త్రీ చేసినట్టు మడతలు పెట్టి మంచం మీద ఉండేవి. ఎన్ని ఉతుకులైనా మెత్తబడలేదు. వీపు మీది కాయలు తగ్గలేదు సరికదా, చంకల్లో చర్మం ఒరుసుకుని పుండులా తయారైంది. చీముపొక్కులు ఎక్కువైన సంగతి నాకు తర్వాత గానీ తెలియలేదు. ఆమె నాకు వీపు చూపించడం మానేసింది. "ఉండనీలే, నువ్వు సూస్తే నాకు భయమైతాది," అనేది.

నా గళ్లలో ఇప్పుడు మిగిలింది ఉతుకు ఒక్కటే. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, సబ్బు సరిగా నురగ రాదు, గుడ్డలో ఉండిపోతుంది. అదే కారణం అనుకున్నాను. సబ్బు పొడి మార్చాను. జాడించడానికి మున్సిపాలిటీ నీళ్లు బిందెల్లో పట్టి విడిగా పెట్టాను. భార్యను మధ్యలో పెట్టి అత్తతో చెప్పించాను: ఎక్కువ సార్లు జాడించమని.

"మీ ఆయనకు సెప్పు, నేను పుట్టినప్పట్నుంచి గుడ్డల్లోనే ఉండానని," అని జవాబు వచ్చింది. అయినా జాడించింది. నేను ఆదివారం కళ్లారా చూశాను. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించింది. నేను తృప్తిగా కిందికి దిగి వచ్చాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడ్డానికి నిలబడలేదు.

ఒకరోజు పొద్దున నా భార్య నుదురు వేడిగా తగిలింది. థర్మామీటరు పెడితే నూటికి కాస్త పైన చూపించింది. మళ్లీ పెట్టాను, అంతే. డాక్టరమ్మ "ఆగొద్దు" అన్న మాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది. మిల్లుకు ఫోన్ చేసి రానన్నాను. ఆటో కోసం కింద దుకాణానికి పరిగెత్తి చెప్పి వచ్చాను.

అత్త కంగారులో ఉంది. కూతురు ఖాళీ కడుపుతో పోకూడదని ఉప్మాకు ఉల్లిగడ్డ తరుగుతూ ఈలపీట మీద వేలు కోసుకుంది. నేను అయోడిన్ ఉండే ఎర్రమందు సీసా తెచ్చి ఆ వేలికి పోశాను. గోధుమరంగు మందు వేలంతా పాకింది. అది ఆరకముందే, ఆసుపత్రికి వేసుకుపోవడానికి ఉతికిన నైటీ కావాలని ఆమె మిద్దె మీదికి పోయి, ఆ రోజు తెల్లవారుజామునే ఉతికి ఆరేసిన, ఇంకా పూర్తిగా ఆరని దాన్ని తీసుకొచ్చింది.

నా భార్య దాన్ని చేతిలోకి తీసుకుని కెవ్వుమంది. "అమ్మా, ఇదేంది? నల్లగా!"

భుజం దగ్గర వేలిముద్ర. గోధుమరంగు కాదు. ముదురు నీలం, నలుపులోకి దిగిన నీలం.

"అయ్యో, నా వేలికేమైనా విషమెక్కిందా ఏం?" అత్త తన వేలు చూసుకుంది. వేలు గోధుమరంగులోనే ఉంది.

భయంతో పరుగెత్తుతున్న నా బుర్ర ఒక్కసారి ఆగింది. అయోడిన్ పిండిపదార్థానికి తగిలితే నీలమవుతుంది. బంగాళాదుంప ముక్క మీద చుక్క వేసి చూసిన బడి పాఠం. నేతలో పెట్టిన గంజైతే ఇన్ని ఉతుకుల్లో ఇంత ముదురుగా మిగలదు. ఇది నిన్నటిదో, ఇవాళ్టిదో.

"అత్తా," అన్నాను, మధ్యలో ఎవరినీ పెట్టకుండా. "దీనికి గంజి పెడతాండారా?"

ఆమె కూతురి వైపు తిరిగింది. "పెట్టకుండా ఎట్లమ్మా? శానా పలచగానే. అన్నం వార్చిన నీళ్లు ఇంత పోసి ముంచుతాండా. గంజి లేని గుడ్డను మిద్దె మీద నలుగురు సూస్తాంటే యాల ఆరేస్తారు? నేసేటోళ్ల ఇంటి గుడ్డ పీలికల మాదిరి వేలాడితే ఏమనుకుంటారు? ఈడ కింద ఇంటామె గూడా అడిగె, ఎంత సక్కంగ నిలబడినాయి గుడ్డలు అని."

"మా, ప్రతి దినమా?" అంది నా భార్య.

"ప్రతి దినమే. ఉతికిన గుడ్డకు గంజి పెట్టకుంటే అది ఉతికినట్టు కాదు."

నేను నైటీని వెలుతురుకు పట్టాను. ఎమ్మిగనూరు వాకిట్లో మేక కనిపించిన సందులన్నీ సన్నటి పొరతో మూసుకుపోయి ఉన్నాయి. ఊదితే గాలి నా ముఖానికే వచ్చింది. మంచి నూలును, మంచి నేతను, అంత వదులును ఎంచుకుని, చివరికి ఆమెకు కాగితం తొడిగాం. ఒరిపిడి దాని అంచులదే. చెమట ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

కోపం తెచ్చుకునే తీరిక లేదు. కింద ఆటో హారన్ కొట్టింది. పాత పలచటి చీర ఒకటి చుట్టుకుని నా భార్య బయల్దేరింది.

డాక్టరమ్మ పొక్కుల నుంచి చీము తుడిచి, పూయడానికి మందు రాసింది. రక్తం పరీక్ష చేయించింది. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. అది వినేదాకా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. "జ్వరం ఇంకా చిన్నదే. ఎల్లుండి రండి. అప్పటికి ఆరడం మొదలు కాకపోతే అడ్మిట్ చేసి ఇంజెక్షన్లు ఇవ్వాలి," అంది. ఆమె దగ్గర నేను గంజి సంగతి చెప్పాను. "అయితే ముందు అది పోగొట్టండి. మందు ఒక్కటే ఏం చేస్తుంది?" అంది.

ఇంటికి వచ్చేసరికి అత్త పెద్ద గిన్నెలో నీళ్లు పొయ్యి మీద పెట్టి ఉంది. ఎవరూ చెప్పలేదు. చన్నీళ్లకు గంజి సగమే వదులుతుందని ఆమెకు తెలియనిది కాదు. గంజి ఎట్లా పెట్టాలో తెలిసిన మనిషికి ఎట్లా తీయాలో తెలియదా? మూడు నైటీలూ వేడినీళ్లలో మునిగాయి. నీళ్లు కాసేపటికి మబ్బుగా, వేలికి జారుగా మారాయి. పారబోసి మళ్లీ వేడినీళ్లు పోశాం. నేను బిందెలు ఎత్తాను, ఆమె పిసికింది.

ఎప్పుడు ఆపాలో నాకు తెలియాలి. ఒక అంచు మడత పిండి, దాని మీద ఎర్రమందు చుక్క వేశాను. నీలం. మళ్లీ వేడినీళ్లు. మళ్లీ చుక్క. ఊదారంగు. నా భార్య మంచం మీద నుంచి తల ఎత్తి చూస్తోంది.

"అప్పా, ఇప్పుడు సూడు," అంది అత్త. నాతోనే అంది. తడి గుడ్డ నా ముందుకు చాపి, చుక్క కోసం అంచును వేలి మీద పరిచి పట్టుకుంది. ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పడం మరిచిపోయింది.

చుక్క పడింది. గోధుమరంగు. అలాగే ఉండిపోయింది. ఇంకో వైపు వేశాను. గోధుమరంగే.

చివరిసారి ఉప్పులేని నీళ్లలో జాడించి, గట్టిగా పిండకుండా దులిపి నీడన ఆరేశాం. మెత్తదనానికని వాసన మందు ఏదీ కలపొద్దన్నాను. అది దారం మీద పొరలా కూర్చుని చెమట పీల్చనివ్వదు. సాయంత్రానికి అవి ఆరాయి. ముడతలు ముడతలుగా, ఏ ఆకారమూ లేకుండా తీగ మీద వేలాడుతున్నాయి. అత్త వాటిని వీధి వైపు నుంచి లోపలి తీగ మీదికి మార్చింది. ఒక్కటి మాత్రం తీసుకుని చెంపకు ఆనించుకుంది.

"దీన్ని సూస్తే మీ నాయన నన్ను ఇంట్లేకి రానీడు," అంది కూతురితో.

"ముందు నన్ను నిద్ర పోనీమ్మా. తర్వాత నాయనతో నేను మాట్లాడతా."

ఆ రాత్రి ఏం జరుగుతుందో అని నేనూ అత్తా పెద్దగా పడుకోలేదు. ఆమె వరండాలో, నేను గుమ్మం దగ్గర. నా భార్య ఎడమ వైపు తిరిగి పడుకుంది. ఫ్యాన్ గాలికి నైటీ వీపు మీద పలచగా లేచి, పడి, మళ్లీ లేచేది. ఇన్ని రోజుల్లో ఆ గుడ్డ కదలడం నేను చూడలేదు. ఆమె ఎంతకీ కదలకపోతే భయం వేసి రెండుసార్లు దగ్గరికి పోయి ఊపిరి విన్నాను. మూడోసారి పోబోతే అత్త చెయ్యి అడ్డం పెట్టి, వద్దన్నట్టు తల ఊపింది.

తెల్లవారింది. పాలబ్బాయి బెల్ నొక్కకముందే అత్త మెట్ల మీద ఎదురుపోయి పాలు పోయించుకుంది. మిల్లుకు పోవాల్సిన వేళ దాటుతున్నా నేను అక్కడే నిలబడ్డాను. పడమటి గోడకు తప్ప మిగతా ఇంటికంతా ఎండ వచ్చేసింది. నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగానే ఉంది. మెడ దగ్గర కొత్త గీత లేదు. చంక దగ్గర చర్మం ఇంకా ఎర్రగానే ఉంది, కానీ తడి లేదు.

జ్వరం మళ్లీ వస్తుందేమో, మధ్యాహ్నానికి పొక్కులు లేస్తాయేమో, రేపు డాక్టరమ్మ ఏమంటుందో, నా లోపల ఒక్కొక్కటే వరసకట్టి నిలబడుతూనే ఉన్నాయి. అప్పుడు ఆమె కళ్లు తెరిచింది. కాసేపు తానెక్కడుందో తెలియనట్టు చూసింది.

"పొద్దెక్కిందా?"

"శానా ఎక్కింది."

"మరి లేపలేదేం? ఆకలైతాంది," అంది.

వంటింట్లో అప్పటికే గిన్నెల చప్పుడు మొదలైంది.